ఒక్కసారికి ఎన్ని తెప్పించాలి?

పంపులు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ఏడాదికి 1,200 బేరింగులు వాడతారనుకుందాం. వాడకం ఏడాది పొడవునా ఒకేలా ఉంటుంది. ఒక్కో బేరింగు ధర 100. ఎన్ని తెప్పించినా, ఒక్కసారి ఆర్డరు పెడితే రవాణా, దించడం, సరిచూసుకోవడం కలిపి 150 ఖర్చవుతుంది. ఒక బేరింగును ఏడాదిపాటు గోడౌన్లో ఉంచితే దాని ధరలో నాలుగో వంతు, అంటే 25, పోతుంది. ఇందులో ఎక్కువ భాగం సరుకులో చిక్కుకున్న డబ్బు మీద వడ్డీ. మిగతాది బీమా, తుప్పు, పాతబడి పనికిరాకుండా పోయే సరుకు తెచ్చే నష్టం.

ఒకేసారి ఎక్కువ తెప్పిస్తే ఆర్డర్లు తగ్గుతాయి, నిల్వ పెరుగుతుంది. కొద్దికొద్దిగా తెప్పిస్తే దీనికి తిరగబడుతుంది. ఈ రెండు ఖర్చుల మొత్తం ఎక్కడ అతి తక్కువవుతుందో చెప్పే సూత్రాన్ని ఇంజనీరు ఫోర్డ్ హారిస్ 1913లో ప్రచురించాడు:

Q = √(2DS/H)

D ఏడాది వాడకం, S ఒక ఆర్డరు ఖర్చు, H ఒక వస్తువును ఏడాదిపాటు ఉంచే ఖర్చు. మన అంకెలు పెడితే 14,400కు వర్గమూలం, అంటే 120 వస్తుంది. ఏడాదికి 10 ఆర్డర్లు పెట్టాలి కాబట్టి ఆర్డర్ల ఖర్చు 1,500. స్టాకు 120 నుంచి సున్నాకు దిగుతుంది కాబట్టి గోడౌన్లో సగటున 60 ఉంటాయి. నిల్వ ఖర్చు కూడా 1,500. రెండూ సమానంగా రావడం కాకతాళీయం కాదు, ఆ మొత్తం కనిష్ఠమయ్యేది సరిగ్గా అక్కడే.

అలాగని 120 దగ్గరే పట్టుబట్టి కూర్చోనక్కర్లేదు. నెలకోసారి 100 చొప్పున తెప్పిస్తే మొత్తం ఖర్చు 3,000 నుంచి 3,050 అవుతుంది. పెట్టెకు 50 వస్తాయని మూడు పెట్టెలు, అంటే 150, తెప్పించినా 3,075. అంత చిన్న తేడా కోసం పెట్టె విప్పించి లెక్కపెట్టించడం దండగ. ఏకంగా రెట్టింపు చేసి 240 తెప్పిస్తేనే 3,750కి, అంటే నాలుగో వంతు ఎక్కువకు, చేరుతుంది. సగానికి తగ్గించి 60 తెప్పించినా అంతే. ఖర్చుల గీత అడుగున పళ్లెంలా వెడల్పుగా ఉంటుంది, గరాటులా ఉండదు.

అంచనాల విషయంలోనూ ఈ వెడల్పు ఆదుకుంటుంది. ఆర్డరు ఖర్చు 150 అనుకున్నాం గానీ నిజానికి అది 300 అనుకోండి. అప్పుడు 170 దాకా తెప్పించాల్సింది. 120తోనే సరిపెట్టుకున్నందుకు పడే అదనపు భారం 6 శాతమే. వర్గమూలం తప్పును అలా అణిచేస్తుంది.

అయితే అది అణచలేని తప్పు ఒకటి తరచూ జరుగుతుంది: వాడకం ఏడాదిది, నిల్వ ఖర్చు నెలది వేయడం. 25కు బదులు దాని పన్నెండో వంతు పెడితే 120కి బదులు 416 వస్తుంది. అన్ని తెప్పిస్తే అసలు ఖర్చు 88 శాతం పెరుగుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. వచ్చిన పరిమాణం ఎన్నాళ్లకు సరిపోతుందో చూడండి. ఐదారు వారాలు రావాల్సిన సరుకు నాలుగు నెలలు దాటి వస్తుంటే కాలం లెక్క తప్పినట్టే.

S లో ఏమేం కలపాలన్నది మరో చిక్కు. కొనుగోళ్ల విభాగం జీతాలన్నీ ఆర్డర్ల సంఖ్యతో భాగించి S అనేయడం అలవాటు. ఒక ఆర్డరు తగ్గితే ఎవరి జీతమైనా మిగులుతుందా? మిగలదు. ఆర్డరు పెడితేనే అయ్యే ఖర్చు ఒక్కటే S. అలాగే గోడౌను అద్దె ఖాళీగా ఉన్నా కట్టాల్సిందే అయితే అది H లోకి రాకూడదు. S పెంచేస్తే సూత్రం పెద్ద ఆర్డర్లు చెబుతుంది, గోడౌను నిండుతుంది.

ఇక డిస్కౌంటు. 400 తీసుకుంటే ధరలో 2 శాతం తగ్గిస్తానని సరఫరాదారు అన్నాడనుకుందాం. ఏడాది కొనుగోలు 1,20,000 కాబట్టి 2,400 మిగులుతుంది. కానీ ఆర్డర్ల ఖర్చు 450, సగటు నిల్వ 200 బేరింగులకు ఒక్కొక్కటి 24.50 చొప్పున 4,900, వెరసి 5,350. పాత 3,000 కంటే ఇది 2,350 ఎక్కువ. చివరికి చేతికొచ్చేది 50. నాలుగు నెలల సరుకు నెత్తిన పెట్టుకోవడానికి అది చాలదు. పైగా ఈలోగా పంపు మోడలు మారితే ఆ 50 ఒక్క బేరింగుతోనే పోతుంది.

ఎప్పుడు ఆర్డరు పెట్టాలో మాత్రం ఈ సూత్రం చెప్పదు. రోజుకు 4 వాడుతూ, సరుకు రావడానికి 10 పనిదినాలు పడితే, స్టాకు 40కి దిగేటప్పటికి ఆర్డరు వెళ్లాలి. ఆలస్యాలకు కొంత అదనంగా ఉంచుకుంటే ఆ సంఖ్యను 40కి కలపాలి. వాడకం సీజన్లవారీగా ఎగుడుదిగుడుగా ఉండే వస్తువుకు ఏడాది సగటుతో 120 అనుకుంటే, రద్దీ నెలల్లో కొరత, తక్కిన నెలల్లో దుమ్ము పట్టిన పెట్టెలు మిగులుతాయి. అలాంటివాటికి ఏ నెలకానెల అవసరం రాసుకుని, వరసగా ఎన్ని నెలల సరుకు ఒకే ఆర్డర్లో కలిపితే చవకో చూసుకోవాలి.