కరెంటు ఇంజిన్, బొగ్గు కరెంటు: విజయనగరం నుంచి హైదరాబాద్‌కు తలకెంత కార్బన్?

భోగాపురం విమానాశ్రయం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఉత్తరాంధ్రలో ఒక పాత వాదన మళ్లీ మొదలవుతుంది. విమానం ఎక్కితే కాలుష్యం ఎక్కువని ఒకరంటారు. రైలు నడిచేదీ బొగ్గు కరెంటుతోనే కదా, తేడా ఏముందని ఇంకొకరు అడుగుతారు. రెండో ప్రశ్నను కొట్టిపారేయడానికి లేదు. అందులో సగం నిజం ఉంది. ఆ సగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే మన పట్టాల మీదికి కరెంటు తీగ వచ్చిన రోజుల దగ్గర మొదలుపెట్టాలి. పట్టాలు ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు అన్న కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేద్దాం.

హౌరా–చెన్నై ప్రధాన మార్గం 2005 నాటికి పూర్తిగా విద్యుదీకరణ అయింది. పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లకు డీజిల్ ఇంజిన్లు పోయి కరెంటు ఇంజిన్లు వచ్చాయి. ప్లాట్‌ఫాం మీద నల్లటి పొగ కనబడకుండా పోయింది. దాంతో కార్బన్ కూడా పోయిందని చాలామంది అనుకున్నారు. నిజానికి అది చోటు మారిందంతే. ఇంజిన్ నెత్తిన ఉన్న పొగ పరవాడ సింహాద్రి వంటి థర్మల్ కేంద్రాల చిమ్నీల్లోకి చేరింది.

ఒక రైలుకు లెక్క వేసి చూద్దాం. ఇరవై రెండు బోగీల ఎక్స్‌ప్రెస్ ఇంజిన్‌తో కలిపి సుమారు 1,200 టన్నులు ఉంటుంది. వెయ్యి టన్నుల ప్రయాణికుల రైలును ఒక కిలోమీటరు లాగడానికి కరెంటైతే 20 యూనిట్ల దాకా, డీజిలైతే 4 లీటర్ల దాకా పడుతుంది. విజయనగరం నుంచి విజయవాడ, కాజీపేట మీదుగా సికింద్రాబాద్‌కు 760 కిలోమీటర్లు. ఆ దూరానికి డీజిల్ 3,650 లీటర్లు కావాలి. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి మొత్తం 9.8 టన్నులు. అదే రైలును కరెంటుతో లాగితే 18,240 యూనిట్లు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ఇచ్చే సగటు ప్రకారం ఇప్పుడు యూనిట్‌కు సుమారు 0.72 కిలోలు, అంటే 13 టన్నులు. తీగ వేసిన రోజుల్లో ఆ సగటు 0.8 దాటి ఉండేది కాబట్టి అప్పట్లో ఇంకా ఎక్కువే.

అంటే మన గ్రిడ్ మీద కరెంటు రైలు డీజిల్ రైలు కంటే ఎక్కువ కార్బన్ వదులుతోంది. ఈ మాట వినగానే విమానం తరఫువారికి ఊపిరి వస్తుంది. కానీ వాళ్లు అక్కడే ఆగిపోతారు. ఆ రైల్లో 1,300 మంది ఉన్నారనుకుంటే తలకు డీజిల్ కింద ఏడున్నర కిలోలు, కరెంటు కింద 10 కిలోలు. తేడా రెండున్నర కిలోలు. ఇనుప పట్టాల మీద ఇనుప చక్రానికి రాపిడి చాలా తక్కువ, ఎక్కే జనమేమో చాలా ఎక్కువ. అందుకే ఇంధనం ఏదైనా రైలు లెక్క అంత తక్కువగా ఉంటుంది. తీగ వల్ల దక్కిన లాభం మరోచోట ఉంది. గ్రిడ్‌లోకి సోలార్, గాలి కరెంటు ఎంత చేరితే మనం ఎక్కే అదే రైలు లెక్క అంత తగ్గుతుంది. ఇంజిన్ మార్చక్కర్లేదు, బోగీ మార్చక్కర్లేదు. డీజిల్‌కు ఆ దారి లేదు. విమాన ఇంధనానికీ లేదు: కిలో కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ రావడమన్నది రసాయన శాస్త్రం, గ్రిడ్ ఎంత బాగుపడినా అది తగ్గదు.

విమానం వైపు లెక్క ఇది. విశాఖ–హైదరాబాద్ గగన మార్గం సుమారు 510 కిలోమీటర్లు. 180 సీట్ల జెట్ నేల మీద తిరిగేదాంతో కలిపి ఈ దూరానికి రెండున్నర టన్నుల ఇంధనం తాగుతుందనుకుందాం. పైకి ఎక్కడానికే ఎక్కువ ఖర్చు కాబట్టి దూరం తక్కువైతే కిలోమీటరుకు పడే భారం పెరుగుతుంది. మొత్తం 7.9 టన్నులు. నూటికి 85 సీట్లు నిండితే తలకు 52 కిలోలు. పంకాలతో ఎగిరే చిన్న ఏటీఆర్ విమానమైతే కొంత తక్కువ. విజయనగరం నుంచి విశాఖ విమానాశ్రయానికి 60 కిలోమీటర్ల ట్యాక్సీ ప్రయాణం ఒంటరిగా చేస్తే ఇంకో 9 కిలోలు, ట్యాక్సీ ఖాళీగా తిరిగొస్తే 18. భోగాపురం వల్ల తగ్గేది ఈ ముక్కలోనే. ట్యాక్సీ దూరం పాతిక కిలోమీటర్లకు దిగితే 5 నుంచి 10 కిలోలు మిగులుతాయి. ఆకాశంలో ఖర్చయ్యే 52 అలాగే ఉంటుంది.

కారు సంగతి ఎక్కువ మంది పొరబడే చోటు. రోడ్డు మీద 680 కిలోమీటర్లు, లీటరుకు 18 ఇచ్చే డీజిల్ కారుకు దాదాపు 38 లీటర్లు, అంటే 101 కిలోలు. ఒక్కరే వెళితే విమానం కంటే రెట్టింపు. ఇద్దరైతే విమానంతో సమానం. నలుగురు కూర్చుంటే తలకు 25. బస్సులో, లీటరుకు 5 కిలోమీటర్లు నడిచే ఆర్టీసీ సూపర్ లగ్జరీలో 30 మంది ఉంటే తలకు 12 కిలోలు. లీటరుకు మూడున్నర నడిచే ఏసీ స్లీపర్‌లో బెర్తులే తక్కువ కాబట్టి, 24 మంది ఉంటే 22 కిలోలకు చేరుతుంది. మామూలు బస్సు రైలుకు చాలా దగ్గర, స్లీపర్ బస్సు నలుగురున్న కారుకు దగ్గర.

చర్చల్లో అందరూ వాడే గ్రాముల లెక్కలకు మూలం గ్రీన్‌హౌస్ వాయువుల లెక్కలు కట్టే ఇండియా జీహెచ్‌జీ ప్రోగ్రామ్ 2015లో ఇచ్చిన పట్టిక. మనిషికి కిలోమీటరుకు రైలు 8, బస్సు 15, దేశీయ విమానం 121 గ్రాములు అని అందులో ఉంది. దాన్ని వాడేటప్పుడు జరిగే తప్పు దూరం దగ్గర. మూడింటినీ ఒకే 680తో గుణిస్తే విమానానికి అన్యాయం, రైలుకు అనవసర మేలు. ఎవరి దూరం వారికే వేయాలి: 760కి 6 కిలోలు, 680కి 10, 510కి 62. పైగా ఆ 8 గ్రాములు ముంబై లోకల్ రైళ్ల కిక్కిరిసిన జనాన్ని కూడా కలుపుకున్న సగటు. రిజర్వేషన్ బోగీల దూరపు రైలుకు పైన వేసిన 10 కిలోలే న్యాయమైన లెక్క.

ఒకే రైల్లోనూ అందరి వాటా ఒకటి కాదు. కొత్తరకం ఎల్‌హెచ్‌బీ బోగీల్లో సెకండ్ ఏసీకి 52 బెర్తులు, స్లీపర్‌లో 80. బోగీ బరువు ఇంచుమించు ఒకటే కాబట్టి సెకండ్ ఏసీ ప్రయాణికుడి వాటా ఒకటిన్నర రెట్లు, ఏసీ కరెంటు అదనం. ఇక పలాసలో, సోంపేటలో జనరల్ బోగీ ఎక్కే ఉద్దానం వలస కూలీకి కూర్చోవడానికి చోటుండదు, వంద సీట్ల బోగీలో అంతకు ఎంతో మించి జనం. ఈ మొత్తం పోలికలో అందరికంటే తక్కువ కార్బన్ అతనిదే. ఆ లెక్క అతను నిలబడి చేసే ప్రయాణం మీద ఆధారపడి ఉందని పట్టికలు చెప్పవు.

అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. పండక్కి వెయిటింగ్ లిస్ట్ దాటనివాళ్లు రైలు మానేసి ప్రైవేటు స్లీపర్ బస్సు ఎక్కితే తలకు 12 కిలోలు పెరుగుతాయి, విమానం ఎక్కితే 40కి పైగా. కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఖుర్దా రోడ్–విజయనగరం మూడో లైనుకు ఆమోదం తెలిపింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారి లెక్క ఆ లైను మీద అదనంగా ఎన్ని ప్రయాణికుల రైళ్లు నడుస్తాయన్నదాన్ని బట్టి మారుతుంది. దాన్ని మొత్తంగా గూడ్సు బళ్లకే కేటాయిస్తే వెయిటింగ్ లిస్ట్ ఇప్పుడున్నట్టే ఉంటుంది.