అపోహలు - వాస్తవాలు: చుట్టుకొలత ఒకటే అయితే రెండు త్రిభుజాలూ సమానమేనా?

ఇరవై ఏళ్లుగా టెన్త్, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. అంతర వృత్తం, పరివృత్తం దగ్గరికి వచ్చేసరికి ఏటా అవే పొరపాట్లు కనిపిస్తాయి. అయితే ఈసారి వీటి గురించి రాయాలనిపించింది పిల్లల వల్ల కాదు, నా దగ్గర చదివే ఒక అబ్బాయి వాళ్ల నాన్న వల్ల.

పోయిన నెల ఆయన ఒక కాగితం పట్టుకుని వచ్చారు. రోడ్డు మలుపులో మూడు మూలల బిట్లు రెండు అమ్మకానికి ఉన్నాయట. మధ్యవర్తి టేపు పెట్టి కొలిచి మరీ చూపించాడట. మొదటి బిట్టు వైపులు 39, 42, 45 అడుగులు. రెండోది 21, 45, 60 అడుగులు. "రెండింటికీ చుట్టూ 126 అడుగులే సార్. రెండూ సమానమే, రెండోదానికి రోడ్డు వైపు 60 అడుగులు వస్తుంది కాబట్టి అదే తీసుకోమంటున్నాడు. రేపు అడ్వాన్స్ ఇవ్వాలి. ఎందుకో టెన్షన్‌గా ఉంది, ఒకసారి చూడండి" అన్నారు.

ఆయన టెన్షన్ న్యాయమైనదే. మొదటి బిట్టు 84 గజాలు. రెండోది 42 గజాలు. సరిగ్గా సగం.

అపోహ: చుట్టుకొలత ఒకటైతే వైశాల్యం కూడా ఒకటే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. పరీక్షలో పోతే నాలుగు మార్కులు పోతాయి, స్థలం దగ్గర పోతే కష్టార్జితం పోతుంది. చుట్టుకొలత కంచెకి ఎంత తీగ కావాలో చెబుతుంది. లోపల ఎంత నేల ఉందో అది ఒక్కటే ఎప్పటికీ చెప్పదు.

లెక్క తేలిగ్గా ఉండటానికి అడుగుల్ని గజాల్లోకి మారుద్దాం. మొదటి త్రిభుజం వైపులు 13, 14, 15. రెండోది 7, 15, 20. రెండింటికీ చుట్టుకొలత 42, అందులో సగం s = 21. వైశాల్యం s(s−a)(s−b)(s−c) కి వర్గమూలం. మొదటిదానికి 21 × 8 × 7 × 6 = 7056, వర్గమూలం 84. రెండోదానికి 21 × 14 × 6 × 1 = 1764, వర్గమూలం 42.

చుట్టూ ఒకే కొలత ఉన్నా ఒకదానిలో నేల సగమే ఉంది, మరి తేడా ఎక్కడుంది? లోపల పట్టే వృత్తంలో ఉంది. త్రిభుజంలో మూడు భుజాలనూ తాకుతూ ఇమిడే వృత్తమే కదా అంతర వృత్తం. దాని కేంద్రం నుంచి మూడు శీర్షాలకూ గీతలు గీస్తే త్రిభుజం మూడు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకి ఒక్కో భుజం భూమి. ఎత్తు మాత్రం మూడింటికీ ఒకటే, ఆ వృత్తం వ్యాసార్ధం r. ఎందుకంటే కేంద్రం మూడు భుజాలకూ సమాన దూరంలో ఉంటుంది.

మొదటి బిట్టులో r = 4 గజాలు. ముక్కల వైశాల్యాలు 26, 28, 30. కలిపితే 84. రెండోదానిలో r = 2 గజాలు. ముక్కలు 7, 15, 20. కలిపితే 42. దీన్నే పుస్తకంలో Δ = r × s అని రాస్తారు. s మారనప్పుడు వైశాల్యం మొత్తం r మీదే ఆధారపడుతుంది. r సగమైతే నేల కూడా సగమే.

ఆయనకి సూత్రాలు చెప్పలేదు. గజానికి ఒక సెంటీమీటరు చొప్పున అట్టముక్క మీద రెండు త్రిభుజాలూ గీసి, కత్తిరించి, ఒకదాని మీద ఇంకొకటి పెట్టాను. మొదటిదానిలో 4 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం పట్టింది. రెండోదానిలో 2 సెంటీమీటర్లకే అంచులు తాకాయి. ఆ రెండో ముక్కని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "ఇంత సన్నగా ఉందా" అన్నారు. అది గీతలో కనపడుతుంది, టేపులో కనపడదు. 60 అడుగుల రోడ్డు వైపు ఉన్న ఆ బిట్టుకి లోతు ఎక్కువున్న చోట కూడా 12 అడుగుల 7 అంగుళాలే.

ఇంకో మొరటు లెక్క కూడా అప్పుడప్పుడు వింటుంటాను. రెండు పక్కల సగటు తీసుకుని భూమిలో సగంతో గుణించడం. ఇది కొత్తదేమీ కాదు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో దీన్ని స్థూల ఫలంగా చెప్పి, ఆ పక్కనే వర్గమూలంతో వచ్చే సూక్ష్మ ఫలాన్నీ ఇచ్చాడు. మన మొదటి బిట్టుకి 14ని భూమిగా తీసుకుంటే స్థూలంగా 98 వస్తుంది, అసలుది 84. రెండోదానికి 20ని భూమిగా తీసుకుంటే 110 వస్తుంది, అసలుది 42! స్థూలం అని ఆయనే చెప్పిన లెక్కతో ఈ రోజుల్లో బేరాలు చేయడం చూస్తే బాధేస్తుంది. మూడు కొలతలూ చేతిలో ఉన్నాయి, ఫోనులో వర్గమూలం బటన్ ఉంది. మధ్యవర్తి మాట నమ్మే ముందు రెండు నిమిషాలు ఆ పని చేయండి.

అపోహ: r అంటే వైశాల్యాన్ని చుట్టుకొలతతో భాగించడం.

కాదు, అర్ధ చుట్టుకొలతతో భాగించాలి. ముక్కల వైశాల్యంలో ఉన్న సగమే ఇక్కడ s లోకి వచ్చింది. పిల్లలు s అనే అక్షరాన్ని బట్టీ పట్టి, అది సగమన్న సంగతి మరిచిపోతారు. అప్పుడు మొదటి త్రిభుజానికి r = 2 అని, రెండోదానికి 1 అని వస్తుంది. తప్పని పేపరు మీద ఎవరూ చెప్పరు, అంకెలు చక్కగానే ఉంటాయి కాబట్టి అనుమానం కూడా రాదు.

అందుకే ప్రతి బ్యాచ్‌కీ ఒక తనిఖీ నేర్పుతాను. అతి పొడవైన భుజాన్ని భూమిగా తీసుకుని దాని మీదికి ఎత్తు కట్టండి. r ఎప్పుడూ ఆ ఎత్తులో మూడో వంతుకి తగ్గదు, సగానికి చేరదు. కారణం తేలిక. వైశాల్యాన్ని రెండు రకాలుగా రాస్తే, ఎత్తును పెద్ద భుజంతో గుణించి చుట్టుకొలతతో భాగిస్తే r వస్తుందని తేలుతుంది. పెద్ద భుజం చుట్టుకొలతలో కనీసం మూడో వంతు ఉండి తీరాలి. సగం ఉందంటే మిగతా రెండు భుజాలూ దాని మీద పడుకుంటాయి, త్రిభుజమే ఉండదు.

13, 14, 15లో పెద్ద భుజం మీదికి ఎత్తు 11.2. అందులో మూడో వంతు సుమారు 3.73, సగం 5.6. నాలుగు మధ్యలో ఉంది, రెండు లేదు. 7, 15, 20లో ఎత్తు 4.2. మూడో వంతు 1.4, సగం 2.1. రెండు సరిపోయింది, ఒకటి దొరికిపోయింది. సగం మరిచిపోయిన ప్రతి జవాబూ ఈ తనిఖీలో పట్టుబడుతుంది. ఎందుకంటే సరైన r సగానికి లోపు ఉంటుంది కాబట్టి దానిలో సగం పావు వంతు కూడా కాదు. మూడో వంతు గీత దాటడం దానికి సాధ్యం కాదు.

అపోహ: పరివృత్త వ్యాసార్ధం ఎప్పుడూ అంతర వ్యాసార్ధానికి రెట్టింపు.

మూడు శీర్షాల గుండా పోయే వృత్తమే పరివృత్తం, దాని వ్యాసార్ధం R. అది r కి రెట్టింపు ఉండేది సమబాహు త్రిభుజంలో మాత్రమే. మిగతా అన్నిటిలో R రెట్టింపు కంటే ఎక్కువే. 3, 4, 5 లంబకోణ త్రిభుజంలో r = 1, R మాత్రం కర్ణంలో సగం, 2.5.

ఇది ఇంతగా ఎందుకు పాతుకుపోయిందో నాకు తెలుసు. బోర్డు మీద మేం టీచర్లం గీసే త్రిభుజాలన్నీ దాదాపు సమబాహువులే. నేనూ చాలా ఏళ్లు అలాగే గీశాను. ఒకసారి ఒక అమ్మాయి 13, 14, 15 లెక్కలో R = 8 అని రాసింది. ఎలా వచ్చిందని అడిగితే "r నాలుగు కదా సార్, మీరు గీసినప్పుడల్లా బయటిది రెండింతలే ఉంటుంది" అంది. చదువులో మంచి పిల్ల. నేను గీసిన బొమ్మల్ని నమ్మి మార్కులు పోగొట్టుకుంది. ఆ రోజు నుంచి పరివృత్తం చెప్పేటప్పుడు మొదటి బొమ్మ సమబాహువు గీయడం మానేశాను.

సరైన జవాబు 8.125. బ్రహ్మగుప్తుడి పద్ధతిలోనే తీయవచ్చు. రెండు భుజాల లబ్ధాన్ని మూడో భుజం మీది ఎత్తుకి రెట్టింపుతో భాగించాలి. 14 మీదికి ఎత్తు 12. 13 × 15 = 195, దాన్ని 24తో భాగిస్తే 8.125. తప్పు జవాబు 8 దానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. స్కేలుతో కొలిచినా ఈ తేడా సులువుగా పట్టుబడదు, ఈ త్రిభుజం సమబాహువుకి అంత దగ్గరగా ఉంది మరి. అదే 7, 15, 20లో r = 2, R = 12.5. నాలుగు కావాల్సింది పన్నెండున్నర వచ్చిందంటే ఎవరికైనా కళ్లు తెరుచుకుంటాయి. ఇంకోటి గమనించండి. నేల సగానికి తగ్గిన బిట్టుకే బయటి వృత్తం పెద్దది. R పెద్దది కాబట్టి త్రిభుజం పెద్దదనుకోవడం కూడా తప్పే.

మిగతావి.

రెండు వృత్తాలకూ కేంద్రం ఒకటేననేది సమబాహువుకే చెల్లుతుంది. లోపలి కేంద్రం కోణ సమద్విఖండన రేఖలు కలిసేచోట, బయటిదాని కేంద్రం భుజాల లంబ సమద్విఖండన రేఖలు కలిసేచోట ఉంటాయి. మధ్యగతాలు కలిసేది గురుత్వ కేంద్రం, దానికీ ఈ రెండు వృత్తాలకూ ముడిపెట్టకండి. అంతర కేంద్రం మాత్రం ఏ త్రిభుజంలోనైనా లోపలే ఉంటుంది.

పరివృత్త కేంద్రం అలా కాదు. లంబకోణం ఉంటే కర్ణం మధ్యలో ఉంటుంది, అధిక కోణం ఉంటే త్రిభుజం బయటికి వెళ్లిపోతుంది. "సార్, గీతలు బయట కలుస్తున్నాయి, నా నిర్మాణం తప్పా?" అని పిల్లలు కంగారుపడి చెరిపేస్తుంటారు. చెరపకండి. 7, 15, 20ని సెంటీమీటర్లలో గీస్తే పరివృత్తానికి 25 సెంటీమీటర్ల వెడల్పు కావాలి, ఏ4 కాగితం వెడల్పు 21. అందుకే సగం కొలతతో గీయిస్తాను: 3.5, 7.5, 10. పొడవైన భుజం మధ్య నుంచి, మూడో శీర్షం లేని వైపుకి 3.75 సెంటీమీటర్ల దూరంలో కేంద్రం వస్తుంది. అక్కడ కంపాస్ ముల్లు పెట్టి 6.25 తెరిచి తిప్పితే మూడు మూలలూ వృత్తం మీదికి వస్తాయి.