ముక్కలు సరిగ్గా కలిశాయా? పేక సాఫ్ట్‌వేర్‌లో దొరికిన పాత తప్పు

1999లో ఏఎస్‌ఎఫ్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ తన ఆన్‌లైన్ పోకర్‌లో ముక్కలు ఎలా కలుపుతారో చూపించే కోడ్‌ను బయటపెట్టింది. ఇందులో మోసమేమీ లేదని ఆటగాళ్లకు నమ్మకం కలిగించాలన్నది ఉద్దేశం. రిలయబుల్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీస్ అనే మరో సంస్థలోని గ్యారీ మెక్‌గ్రా బృందం ఆ కోడ్ చదివింది. అసలు కలిపే పని జరిగేది ఈ నాలుగైదు లైన్లలోనే:

```
for ctr := 1 to 52 do begin
  random_number := random(51) + 1;
  tmp := card[random_number];
  card[random_number] := card[ctr];
  card[ctr] := tmp;
end;
```

మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా ఒక్కోదాన్ని ఏదో ఒక ముక్కతో చోటు మారుస్తున్నారు. పైపైన చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి ఇట్టే కనబడుతుంది. పాస్కల్‌లో `random(51)` అంటే 0 నుంచి 50 వరకే వస్తుంది, ఒకటి కలిపితే 51 దాకా వెళ్తుంది, 52 ఎప్పటికీ రాదు. కాబట్టి చివరి చోటును ఆఖరి అడుగు దాకా ఎవరూ ముట్టుకోరు. ఆ ఆఖరి అడుగులో అక్కడున్న ముక్క కచ్చితంగా వేరే చోటికి వెళ్లిపోతుంది. అంటే 52వ ముక్క 52వ చోట మిగలడం అసలు జరగని పని. ఇది టైపింగ్‌లో దొర్లే రకం పొరపాటు, 51ని 52 చేస్తే పోతుంది. రెండో తప్పు అలా పోదు, అది పద్ధతిలోనే ఉంది. దానికి సరైన పద్ధతి అప్పటికే అరవయ్యేళ్లుగా అచ్చులో ఉంది.

ఇంగ్లండ్‌లోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గణాంకాల పని చూసిన రోనాల్డ్ ఫిషర్, ఆయన తర్వాత అక్కడ ఆ బాధ్యత తీసుకున్న ఫ్రాంక్ యేట్స్ కలిసి 1938లో పరిశోధకుల కోసం ఒక గణాంక పట్టికల పుస్తకం వేశారు. పొలంలో ఏ మడికి ఏ ఎరువు వేయాలన్నది ప్రయోగం చేసేవాడి ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా తేల్చాలన్నది ఫిషర్ పట్టుదల. అందుకు కాగితం, పెన్సిల్‌తో చేసుకునే పద్ధతి ఒకటి ఆ పుస్తకంలో ఉంది. 1 నుంచి 5 దాకా రాసుకున్నామనుకోండి. 1 నుంచి 5 లోపు ఒక యాదృచ్ఛిక సంఖ్య తీస్తే 3 వచ్చింది. మూడోదాన్ని, అంటే 3ని, కొట్టేసి పక్కన రాయాలి. ఇప్పుడు మిగిలినవి నాలుగే కాబట్టి ఈసారి 1 నుంచి 4 లోపే తీయాలి. మళ్లీ 3 వస్తే, కొట్టేయని వాటిలో మూడోది 4. దాన్ని కొట్టేసి పక్కన రాయాలి. ఇలా అన్నీ అయిపోయేదాకా. ఒకసారి కొట్టేసినదాని జోలికి మళ్లీ వెళ్లరు. కీలకమంతా అక్కడే ఉంది.

ఇదే పుస్తకం 6వ ఎడిషన్‌కి వచ్చేసరికి ఈ పద్ధతి చోటులో మరొకటి కనిపిస్తుంది. అది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిన మన సి.ఆర్.రావుది. ఆయన దాన్ని 1961లో ప్రచురించారు. ఒక్కో వస్తువుకూ ఒక యాదృచ్ఛిక అంకె ఇచ్చి, ఒకే అంకె వచ్చినవాటిని ఒక గుంపుగా చేసి, ఆ గుంపులను లోపల మళ్లీ అలాగే విడగొడుతూ పోవడం ఆ పద్ధతి. అందులో చోట్లు మార్చడం ఉండదు కాబట్టి మన కథలోకి రాదు, కానీ తెలుగువాళ్లం చెప్పకుండా దాటలేం.

కంప్యూటర్‌కు ఫిషర్, యేట్స్ పద్ధతి ఉన్నదున్నట్టుగా పనికిరాదు. కొట్టేయనివి ఏవో ప్రతిసారీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ పోవాలి, జాబితా పెద్దదైతే టైమంతా దానికే పోతుంది. 1964లో రిచర్డ్ డర్‌స్టెన్‌ఫెల్డ్ కొట్టేయడం బదులు చోటు మార్చడం పెట్టాడు. ఎంపికైనదాన్ని అర్రే చివరికి పంపి, చివర ఉన్నదాన్ని దాని చోటికి తెస్తే చాలు. పక్కన ఇంకో జాబితా కూడా అక్కర్లేదు:

```
for i := 52 downto 2 do begin
  j := random(i) + 1;
  tmp := card[j];
  card[j] := card[i];
  card[i] := tmp;
end;
```

1969లో డోనాల్డ్ క్నూత్ తన పుస్తకంలో చేర్చాక ఇది ప్రోగ్రామర్లందరికీ చేరింది. పోకర్ కోడ్‌తో పోల్చి చూస్తే అసలు తేడా ఒక్కచోటే ఉంది. ఇక్కడ `random` పరిధి ప్రతి అడుగుకూ ఒకటి తగ్గుతుంది. మొదట 52 దారులు, తర్వాత 51, తర్వాత 50. వీటిని గుణిస్తే వచ్చేది సరిగ్గా 52!, అంటే 52 ముక్కలను పేర్చగల మొత్తం వరుసల సంఖ్య. ఒక్కో వరుసకూ ఒక్కటే దారి. అందుకే ఏ వరుసకూ ఎక్కువ తక్కువలుండవు.

పరిధి తగ్గించకపోతే ఏమవుతుందో మూడు ముక్కలతో చేతి లెక్కలోనే చూడొచ్చు. మూడు అడుగులు, అడుగుకు మూడు దారులు, మొత్తం 27. మూడు ముక్కలకు ఉండే వరుసలు ఆరే. 27ను ఆరు సమాన భాగాలు చేయలేం, ఎవరికో ఒకరికి ఎక్కువ పడక తప్పదు. 123తో మొదలుపెట్టి 27 దారులూ రాసి చూస్తే 132, 213, 231 ఐదేసి సార్లు వస్తాయి. 123, 312, 321 నాలుగేసి సార్లే వస్తాయి. పోనీ రెండుసార్లు కలిపితే? అప్పుడు దారులు 729, అదీ ఆరుతో భాగం పోదు. ఎన్నిసార్లు కలిపినా 3ను 3తోనే గుణిస్తూ ఉంటాం కాబట్టి బేసి సంఖ్యే వస్తుంది. తేడా చిన్నదవుతూ పోతుంది తప్ప సున్నా కాదు.

52 ముక్కలకూ ఇదే చిక్కు. 52 అంటే 2×2×13. దాన్ని ఎన్నిసార్లు దానితోనే గుణించినా 3తో భాగం పోదు, 52! మాత్రం పోతుంది. పోకర్ కోడ్‌లోని 51ని 52 చేసినా పక్షపాతం మిగిలిపోయేది ఇందుకే. ప్రతిసారీ మొత్తం కట్టలోంచి తీస్తే ఇంకా బాగా కలుస్తుందని మనసుకు అనిపిస్తుంది, కానీ అప్పటికే యాదృచ్ఛికంగా కుదురుకున్న చోటును మళ్లీ కదిలించడమే లెక్కను చెడగొడుతోంది.

ఒకటి రెండు ఆటలు చూసి దీన్ని పట్టుకోలేం. కోడ్‌కు మూడే ముక్కలిచ్చి 27,000 సార్లు నడిపి, ఏ వరుస ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. సరైన పద్ధతైతే ఆరు వరుసలూ 4,500 దగ్గర ఉంటాయి. తప్పు పద్ధతైతే మూడు 5,000 దగ్గర, మూడు 4,000 దగ్గర ఆగుతాయి. యాదృచ్ఛికంగా వచ్చే ఊగిసలాట ఇక్కడ కొన్ని పదులే, కాబట్టి వందల తేడా కంటికే ఆనుతుంది.

అయితే మెక్‌గ్రా బృందం ఆటను చిత్తు చేసింది ఈ పక్షపాతంతో కాదు. ఆ ప్రోగ్రామ్ ప్రతి ఆటకూ యాదృచ్ఛిక సంఖ్యల వరుసను కంప్యూటర్ గడియారం చూసి మొదలుపెట్టేది, అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయన్నదే ఆ మొదలు సంఖ్య, అంటే సీడ్. ఒకే సీడ్‌తో మొదలుపెడితే ఎప్పుడూ ఒకే వరుస వస్తుంది. రోజుకు 8.64 కోట్ల మిల్లీసెకన్లు, కాబట్టి అంతకు మించిన వరుసలు పుట్టవు. 52! అయితే 68 అంకెల సంఖ్య. తమ గడియారాన్ని సర్వర్ గడియారంతో సరిచూసుకుని ఆ బృందం వెతకాల్సినవాటిని రెండు లక్షల దాకా తగ్గించింది. తమ చేతిలోని రెండు ముక్కలు, బల్లమీద తెరిచిన మూడు ముక్కలు తెలియగానే వాళ్ల ప్రోగ్రామ్ మిగతా ఆటగాళ్ల ముక్కలన్నీ చెప్పేసేది. లూప్‌ను డర్‌స్టెన్‌ఫెల్డ్ రాసినట్టే రాసినా ఈ దాడి ఆగదు. పై లెక్కపెట్టే పరీక్షలో ఆ సరైన లూప్ ఏ తేడా లేకుండా పాసవుతుంది, సీడ్ లోపం అందులో బయటపడదు.