పెద్ద కత్తి మిమ్మల్ని ఎప్పుడు వదులుతుంది? యాక్షన్ ఆర్పీజీల్లో అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఒక గేమ్ స్టూడియోలో పోరాటాల డిజైన్ చూస్తాను. ఏ ఆయుధం వేటు ఎన్ని ఫ్రేములు పట్టాలి, ఎంత స్టామినా తినాలి అన్నదే రోజంతా నా గొడవ. అందుకే మారతహళ్లిలో అక్కావాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లినా బావగారి ఫిర్యాదు తప్పదు.

"దొర్లి తప్పించుకుందామని సరిగ్గా సమయానికే రోల్ నొక్కానయ్యా, అయినా బాస్ కొట్టాడు. నలభై దాటాక మన చేతులు కదలవేమో."

వయసు సంగతి అలా ఉంచండి బావా, ఒకసారి ఆడి చూపించండి అన్నాను. ఆయన చేతిలో దాడి అంకె అన్నిటికన్నా ఎక్కువున్న గ్రేట్‌స్వోర్డ్ ఉంది. బొటనవేలు నిజంగానే సమయానికి పడుతోంది. కానీ తెర మీద ఆయన పాత్ర ఇంకా కత్తిని నేల మీద నుంచి లేపుతూనే ఉంది.

అపోహ: దాడి అంకె ఎక్కువున్నదే మంచి ఆయుధం. దెబ్బ తగిలితే తప్పు చేతులదే.

జనం ఎక్కువగా నష్టపోయేది ఈ నమ్మకంతోనే. ప్రతి వేటుకూ మూడు భాగాలుంటాయి: కత్తి ఎత్తే స్టార్టప్, తగిలే యాక్టివ్, మళ్లీ నిలదొక్కుకునే రికవరీ. పెద్ద కత్తి నెమ్మది అనగానే అందరూ స్టార్టప్ గురించే ఆలోచిస్తారు. చంపేది రికవరీ. అది ముగిసేదాకా రోల్ నొక్కినా ఆట దాన్ని వరుసలో పెట్టుకుంటుంది తప్ప వెంటనే వేయదు. "నొక్కాను, ఆలస్యంగా వచ్చింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

సెకనుకు 60 ఫ్రేముల ఆటను ఊహించుకుని లెక్క వేద్దాం. మామూలు కత్తి వేటు 14వ ఫ్రేములో తగిలి, 30వ ఫ్రేములో మిమ్మల్ని వదులుతుంది. నష్టం 110. గ్రేట్‌స్వోర్డ్ 34లో తగిలి, 66లో వదులుతుంది. నష్టం 300. బాస్ పొడవైన కాంబో ముగించాక తర్వాతి దెబ్బకు 70 ఫ్రేముల ఖాళీ ఉందనుకోండి. మామూలు కత్తితో రెండు వేట్లు, 220. పెద్ద కత్తితో ఒక్కటే అయినా 300, పైగా నాలుగు ఫ్రేములు మిగులుతాయి. ఇక్కడ పెద్ద కత్తిదే గెలుపు. అదే బాస్ చిన్న కాంబో తర్వాత 50 ఫ్రేములే ఇస్తే? మామూలు కత్తి ఒక్క వేటు వేసి బయటపడుతుంది. పెద్ద కత్తి కూడా తగులుతుంది, కానీ దెబ్బ వచ్చాక ఇంకా 16 ఫ్రేములు మీరు కదలలేరు. బావగారు ప్రతిసారీ ఆ 16 ఫ్రేముల్లోనే పోతున్నారు.

ఇక స్టామినా. మొత్తం 100, రోల్‌కు 20 అనుకుందాం. మూడు దెబ్బల కాంబోను మూడు రోల్స్‌తో దాటితే 40 మిగులుతుంది. మధ్యలో నిండేది కొంత ఉంటుంది, లెక్క సులువు కోసం వదిలేస్తున్నాను. పెద్ద కత్తి వేటుకు 38 పోతే మిగిలేది 2. సోల్స్ తరహా ఆటల్లో స్టామినా సున్నాకు పైన కొంచెం ఉన్నా రోల్ పడుతుంది. అయితే ఆ ఒక్క రోల్‌తో లెక్క మైనస్ 18కి జారుతుంది. మళ్లీ సున్నా దాటేదాకా రెండో రోల్ లేదు. మామూలు కత్తికి 18 పోతే 22 మిగులుతుంది, రెండు రోల్స్ చేతిలో ఉంటాయి. "ఇంకొక్కటి కొడదాం" అనే ఆశకు ధర ఆ రెండో రోలే. డాలు ఎత్తి ఉంచితే స్టామినా నెమ్మదిగా నిండుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

అపోహ: రోల్ అంటే దూరంగా పారిపోవడం.

కాదు. రోల్‌లో దెబ్బ తగలని కొన్ని ఫ్రేములుంటాయి, అవే ఐ-ఫ్రేమ్స్. అవి ఉన్నంతసేపు దెబ్బ మీలోంచి వెళ్లిపోతుంది. వెనక్కి దొర్లితే పొడవైన కత్తి ఆ ఫ్రేములు అయిపోయాక కూడా మిమ్మల్ని అందుకోగలదు. దెబ్బకు ఎదురుగా, బాస్ పక్కకు దొర్లండి. ఇంకో చిన్న సంగతి: డార్క్ సోల్స్, ఎల్డెన్ రింగ్‌లలో పరుగుకూ రోల్‌కూ ఒకటే బటన్ కాబట్టి, రోల్ పడేది నొక్కినప్పుడు కాదు, వేలు తీసినప్పుడు. కంగారులో బటన్‌ను గట్టిగా అదిమి పట్టుకునేవాళ్లకు ఆలస్యం ఇక్కడే మొదలవుతుంది. ఇది చెప్పగానే బావగారు కంట్రోలర్ వైపు అనుమానంగా చూశారు.

అపోహ: వేటు మధ్యలో వచ్చే హైపర్ ఆర్మర్ ఉంటే దెబ్బ తగలదు. తగులుతుంది, ప్రాణం తగ్గుతుంది. మీ వేటు అంత తేలిగ్గా ఆగదు, అంతే.

అపోహ: ఒంటి మీద బరువు తగ్గించే కొద్దీ ఐ-ఫ్రేమ్స్ పెరుగుతాయి. అన్ని ఆటల్లోనూ కాదు. 2014లో వచ్చిన డార్క్ సోల్స్ 2లో వాటిని నిర్ణయించేది అజిలిటీ అనే అంకె, అడాప్టబిలిటీ పెంచితే అది పెరుగుతుంది. కవచాలన్నీ విప్పేసి ఒంటి బట్టతో తిరిగి, అడాప్టబిలిటీ పెంచకుండా తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

కాబట్టి కొత్త బాస్ ఎదురైతే మొదటి రెండు మూడు ప్రయత్నాల్లో కొట్టకండి. ఏ కాంబో తర్వాత ఎంత ఖాళీ వస్తుందో ఫోన్‌లో రికార్డు చేసి చూడండి, తర్వాత ఆయుధం ఎంచుకోండి. బావగారు అలాగే చేశారు. గ్రేట్‌స్వోర్డ్ మార్చలేదు, చిన్న కాంబో వచ్చినప్పుడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. అక్క ఆయన్ని అన్నానికి నాలుగోసారి పిలిచింది. "ఒక్క కాంబో ఆగు" అన్నారు.