రోహిణి మినుకుమంటుంది, పక్కనే ఉన్న గురుడు మినుకుమనడు

2024 డిసెంబర్‌లో ఒక రాత్రి, విశాఖ ఎంవీపీ కాలనీలో మా అక్కవాళ్ల డాబా మీద మా మేనకోడలికి ఆకాశం చూపిస్తున్నాను. తొమ్మిది దాటింది. తూర్పున, నడినెత్తికి సగానికి పైగా ఎక్కిన చోట, పెద్దగా మెరుస్తున్న చుక్క ఒకటి. దాని పక్కనే కొంచెం ఎర్రగా ఇంకొకటి. చేయి చాచి పిడికిలి అడ్డుపెడితే రెండూ దాని వెనక దాక్కునేంత దగ్గరగా ఉన్నాయి.

"మావయ్యా, వాటిలో గ్రహం ఏదో నువ్వు చెప్పకు, నేనే చెప్తాను" అంది. కాసేపు చూసి, "పెద్దది. అది కదలకుండా వెలుగుతోంది. ఎర్రది వణుకుతోంది" అంది. సరిగ్గానే చెప్పింది. పెద్దది గురుడు, ఎర్రది రోహిణీ నక్షత్రం.

ఆ జంట దొరకడం అదృష్టం. ఒకటి నడినెత్తిన, ఇంకొకటి దిగువన ఉంటే తేడా గాలి మందం వల్ల వచ్చిందేమో అనుకోవచ్చు. ఇక్కడ రెండూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. రెండింటి వెలుగూ ఇంచుమించు ఒకే గాలిలోంచి వస్తోంది. అయినా ఒకటే వణుకుతోంది.

నక్షత్రాలు చాలా దూరంలో ఉండి చుక్కల్లా కనిపిస్తాయి, గ్రహాలు దగ్గరగా ఉండి చిన్న పళ్లేల్లా ఉంటాయి, అందుకే ఈ తేడా అని బడిలో చెప్తారు. అది నిజమే. కానీ మా పాప వెంటనే అడిగిన ప్రశ్న అక్కడితో తీరదు: "మన కంటికి రెండూ చుక్కల్లాగే ఉన్నాయి కదా, మరి గాలికి తేడా ఎలా తెలుస్తుంది?"

జవాబు కోసం కిందికి వెళ్లి బాత్రూంలో ఒక బకెట్ నిండా నీళ్లు పట్టాం. లైటు ఆపేసి, మీటరు ఎత్తు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, వేలితో నీళ్లు కదిపాం. బకెట్ అడుగున సన్నటి వెలుగు గీతలు వలలా అల్లుకుని పరుగులు తీశాయి. అలల ఒంపులు చిన్న చిన్న భూతద్దాల్లా పనిచేసి వెలుగుని ఒకచోట గుమిగూడేలా, ఇంకోచోట పల్చబడేలా చేస్తాయి. బకెట్ అడుగున ఒక చీమ ఉందనుకోండి. గీత దాని మీదుగా వెళ్లినప్పుడు టార్చి దానికి భగ్గుమన్నట్టు, గీత దాటిపోగానే మసకబారినట్టు ఉంటుంది. టార్చి మాత్రం మారలేదు.

తర్వాత టార్చికీ బకెట్‌కీ మధ్య తెల్లటి పంచె ఒకటి పట్టుకుని, టార్చిని దాన్నుంచి బాగా పైకి జరిపాం. ఇప్పుడు పంచె మీద రెండు జానల వెడల్పున వెలుగు పరుచుకుంది. నీళ్లని మళ్లీ కదిపాం. అడుగున వెలుగు ఉంది, వల లేదు. అలలు అవే, నీళ్లు అవే. కానీ పంచె మీద వెలిగే ప్రతి చోటూ ఒక టార్చితో సమానం. ప్రతి టార్చీ అడుగున తన వలని తాను వేస్తుంది, కొంచెం పక్కకి జరిపి వేస్తుంది. ఒక వలలో చీకటి పడ్డ చోట ఇంకో వలలో వెలుగు పడుతుంది. వేల వలలు ఒకదాని మీద ఒకటి పడితే మిగిలేది సమంగా పరుచుకున్న వెలుగే.

మన తల మీది గాలి కూడా ఆ బకెట్ నీళ్ల లాంటిదే. వెచ్చటి గాలి, చల్లటి గాలి ముద్దలు ముద్దలుగా కలుస్తూ ఉంటాయి. వాటి మధ్య తేడా ఒక్క డిగ్రీ ఉంటే, గాలి వెలుగుని వంచే గుణం పది లక్షల్లో ఒక వంతు మారుతుంది. అది చాలా స్వల్పం. కానీ ఎనిమిది, పది కిలోమీటర్ల ఎత్తు నుంచి నేలకి వచ్చేసరికి ఆ కాస్త వంపే వెలుగుని గుమిగూర్చడానికి సరిపోతుంది. మినుకు ఎక్కువగా పుట్టేది ఈ పై పొరల్లోనే. డాబా గచ్చు మీంచి లేచే వేడిగాలి కూడా వెలుగుని వంచుతుంది, కానీ ఆ వంపు వెలుగుగా, నీడగా విడిపోవడానికి దూరం చాలదు. బకెట్‌లో వేలి లోతు నీళ్లే ఉంటే వల సరిగ్గా ఏర్పడనట్టే.

అలా రోహిణి వెలుగు మన డాబా మీద సమంగా పడదు. వెలుగు మచ్చలు, నీడ మచ్చలుగా పడుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున్న పొర వేసే మచ్చ ఉజ్జాయింపుగా బెత్తెడు ఉంటుంది, అంటే ఏడు సెంటీమీటర్లు. పై గాలులు సెకనుకి పది మీటర్లో, అంతకు మించో వీస్తుంటే మచ్చలూ అదే వేగంతో మన మీదుగా పరిగెత్తుతాయి. చీకట్లో మన కంటిపాప తెరుచుకునేది ఆరేడు మిల్లీమీటర్లు. బెత్తెడు మచ్చలో అది ఒక మూలకి సరిపోతుంది. కాబట్టి కంటిపాప ఒక క్షణం పూర్తిగా వెలుగు మచ్చలో, మరుక్షణం పూర్తిగా నీడ మచ్చలో ఉంటుంది. సెకనుకి వందకి పైగా మచ్చలు దాటిపోతుంటే వాటిలో నిదానంగా మారే వాటినే కన్ను పట్టుకోగలదు. మనం మినుకు అనేది దాన్నే.

ఇప్పుడు గురుడి సంగతి. ఆ నెలలో గురుడు మనకి దాదాపు 61 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, అడ్డు కొలత 1.4 లక్షల కిలోమీటర్లు. వంద మీటర్ల అవతల పెట్టిన రెండు రూపాయల నాణెం ఎంత కనిపిస్తుందో అంత అన్నమాట. కంటికి చుక్కే. రోహిణి సూర్యుడి కంటే 44 రెట్లు వెడల్పున్న పెద్ద నక్షత్రం, కానీ 65 కాంతి సంవత్సరాల దూరం. అదే నాణేన్ని సుమారుగా బరంపురంలో పెట్టి విశాఖ నుంచి చూడాలి.

ఈ రెండు నాణేల లెక్కని గాలి పొర దాకా తీసుకెళ్దాం. గురుడి బింబంలో ఒక అంచు వేసే మచ్చల వలకీ, ఎదుటి అంచు వేసే వలకీ నేల మీద ఎంత ఎడం ఉంటుంది? పది కిలోమీటర్ల ఎత్తున్న పొరకి లెక్కేస్తే 2.3 మీటర్లు, మంచం పొడవు కన్నా ఎక్కువ. బెత్తెడు మచ్చల వలలు ఇంత ఎడంలో ఒకదాని మీద ఒకటి పరుచుకుంటే మచ్చ అనేదే మిగలదు. అదే లెక్క రోహిణికి వేస్తే ఆ ఎడం ఒక్క మిల్లీమీటరు. బెత్తెడు మచ్చని మిల్లీమీటరు జరిపితే ఏం చెరుగుతుంది? ఏమీ చెరగదు. పాప ప్రశ్నకి జవాబు ఇదే. వెలుగు పళ్లెమా, చుక్కా అని తేల్చేది మన కన్ను కాదు, పది కిలోమీటర్ల ఎత్తున ఉన్న పొర వేసే బెత్తెడు మచ్చ.

ఇక్కడ ఒక పక్క మాట. మచ్చల్ని చెరపడానికి ఇంకో దారి కూడా ఉంది: చూసే కన్నుని పెద్దది చేయడం. ఆరు అంగుళాల టెలిస్కోప్ మూతి రెండు బెత్తెల వెడల్పు. ఒకేసారి నాలుగైదు మచ్చలు అందులో పడతాయి కాబట్టి రోహిణి వెలుగులో ఎగుడుదిగుడు తగ్గుతుంది. బదులుగా బొమ్మ ఉడుకుతున్నట్టు కదులుతుంది, ఉబ్బుతుంది. ఆ బాధ మన ఊరికి పాతదే. పంతొమ్మిదో శతాబ్దంలో గోడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో సొంతంగా వేధశాల కట్టించారు. తర్వాత దాన్ని చూసుకున్న ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు, 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని విశాఖ నుంచి పరిశీలించారు. పగటి ఎండకి కాగిన గాలిలోంచి సూర్యుడి అంచు వైపు చూసినవాళ్లకి ఆ వణుకు ఎలా ఉంటుందో తెలుసు.

మినుకు నక్షత్రం గుణం కాదనడానికి రాత్రిపూట బీచ్‌లో నిలబడితే చాలు. దూరంగా లంగరేసిన ఓడల మీద చిన్న బల్బులు కూడా మినుకుమంటాయి. నీటి మీది గాలి అడ్డంగా కిలోమీటర్ల కొద్దీ ఉంది, బల్బు చిన్నది, అంతే.

నక్షత్రం సముద్రం మీద అప్పుడే పైకొస్తున్నప్పుడు ఇంకో వింత చేరుతుంది. గాలి నీలి వెలుగుని ఎర్ర వెలుగు కన్నా కొంచెం ఎక్కువ వంచుతుంది. అందుకని దిగువన ఉన్న నక్షత్రం నుంచి మన కంటికి చేరే ఎరుపూ నీలమూ పై పొరల్లో జానెడు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఎడంగా వేరు వేరు దారుల్లో వస్తాయి. ఎరుపు వెలుగు మచ్చలో పడ్డ క్షణంలో నీలం నీడ మచ్చలో పడవచ్చు. డిసెంబర్ మధ్యలో రాత్రి ఏడున్నర ప్రాంతంలో తూర్పు ఆగ్నేయంగా లేచే మృగవ్యాధుడు, అదే సిరియస్, ఎర్రగా, ఆకుపచ్చగా, నీలంగా తళుక్కుమనేది ఇందుకే. దాన్ని చూసి విమానమేమో అని కంగారు పడేవాళ్లు ఉంటారు.

ఇంతా చెప్పాక, గ్రహాలు ఎప్పుడూ మినుకుమనవు అంటే తప్పే. 2025 దసరా సెలవుల్లో తెల్లవారుజామున నాలుగింటికి పాపని బీచ్‌కి తీసుకెళ్లాను. మబ్బు లేదు. కాసేపటికి సముద్రంలోంచి వేగుచుక్క లేచింది. వణుకుతూ లేచింది.

"ఇది గ్రహమే కదా మావయ్యా?"

గ్రహమే, శుక్రుడు. కానీ ఆ రోజుల్లో అది మనకి దూరంగా ఉంది, డాబా మీద చూసిన గురుడితో పోలిస్తే నాలుగో వంతు వెడల్పే. పైగా దిగువన ఉన్నప్పుడు దాని వెలుగు నీటిని ఆనుకుని ఉండే గాలిలోనే చాలా దూరం ప్రయాణించి వస్తుంది. దగ్గరి పొరల దగ్గరకి వచ్చేసరికి రెండు అంచుల వలల ఎడం మీటర్ల నుంచి సెంటీమీటర్లకి పడిపోతుంది. ఆ పొరలు వేసే మచ్చలూ అంతే ఉంటాయి. ఇక పూర్తిగా చెరగవు. బుధుడు ఇంకా చిన్నవాడు, ఎప్పుడూ దిగువనే కనిపిస్తాడు కాబట్టి అతన్ని నక్షత్రం అనుకోవడం తేలిక. దూరంగా ఉన్న నెలల్లో కుజుడూ అంతే. తేల్చుకోవాలంటే ఆగి చూడాలి, చుక్క పైకెక్కేదాకా.

మేం ఆగాం. ఇసకలో టీ తాగుతూ అరగంట కూర్చున్నాం. శుక్రుడు బెత్తెడు ఎత్తుకి వచ్చేసరికి వణుకు నిలిచిపోయింది. నడినెత్తి వైపు గురుడు ఎప్పటిలాగే కదలకుండా ఉన్నాడు. సగం ఆకాశం ఎక్కేసిన మృగవ్యాధుడు మాత్రం, రంగులు తగ్గించుకుని, ఇంకా మినుకుమంటూనే ఉన్నాడు.