‘ఉప్పు కలప’ దగ్గర తెగిన మెసేజ్

బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు కట్టే అపార్ట్‌మెంట్ల పక్కనే రేకుల షెడ్లు ఉంటాయి. కదిరి, మదనపల్లె వైపుల నుంచి పనికి వచ్చిన కుటుంబాలు వాటిలో ఉంటాయి. చాలా ఇళ్లలో ఒక్కటే బటన్ ఫోన్, అందులో ఇంటర్నెట్ ఉండదు. వాళ్లు ఆరోగ్యం గురించి ఎస్సెమ్మెస్‌లో అడిగితే, ఒక డాక్టరుగారు చెప్పిన జవాబును తెలుగులో పంపే పనిలో నేనూ ఉన్నాను. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మెసేజ్ ఎలా ప్రయాణిస్తుందో నాకు తెలుసనే అనుకున్నాను.

ఒక రోజు మూడేళ్ల బిడ్డకు విరేచనాలు అవుతున్నాయని ఒక తల్లి అడిగింది. డాక్టరుగారు రాసిచ్చిన పెద్ద పేరాను, ఎస్సెమ్మెస్‌లు పంపే వెబ్ ప్యానెల్‌లో అలాగే అతికించి పంపేశాను. పది నిమిషాలకు ఫోన్ వచ్చింది. “అక్కా, ఉప్పు కలప అని వచ్చింది. ఏం కలప? తర్వాత మెసేజ్ సున్నతో మొదలైంది.”

ఆమె చదివింది తప్పు కాదు. పేరా మొదటి వాక్యం ఇది:

```
ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి.
```

ప్యానెల్ దీన్ని సరిగ్గా 70వ స్థానం దగ్గర కోసింది. మొదటి ముక్క ‘ఉప్పు కలప’ అని ముగిసింది. రెండో ముక్క, ఆనుకోవడానికి అక్షరం లేని సున్నతో మొదలై, ‘డి’ అని సాగింది. ఫోన్‌లోనే ఆమెకు అంతా విడమరిచి చెప్పాను కాబట్టి ఆ రోజు ఇబ్బంది కాలేదు. కానీ 70 దగ్గరే ఎందుకు తెగిందో, అక్కడ తెగితే తెలుగుకు ఏమవుతుందో అప్పుడే శ్రద్ధగా చూశాను.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1120 బిట్లు. 1985లో జర్మన్ ఇంజనీరు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ టైప్‌రైటర్ మీద మామూలు వాక్యాలు కొట్టి చూసి, ఒక మాట చెప్పడానికి 160 అక్షరాలు చాలని తేల్చారు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు 1120 బిట్లలో సరిపోతాయి. ఆ 7 బిట్ల పట్టికలో తెలుగు లేదు. అందుకే మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా, మొత్తం మెసేజ్ మామూలుగా గుర్తుకు 16 బిట్ల పద్ధతిలోకి మారిపోతుంది. 1120ని 16తో భాగిస్తే 70.

ఆ 70 కూడా మనం బడిలో నేర్చుకున్న అక్షరాలు కావు. కంప్యూటర్ హల్లును ఒక గుర్తుగా, గుణింతాన్ని ఇంకొకటిగా, పొల్లును వేరొకటిగా, సున్నను మరొకటిగా లెక్కిస్తుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం, కానీ అక్కడ ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలో ఒత్తు పడకుండా ఆపడానికి కొన్ని కీబోర్డులు కంటికి కనబడని గుర్తు ఒకటి పెడతాయి. దానికీ ఒక స్థానం పోతుంది. పైథాన్ తెలిసినవాళ్లు ఇలా చూసుకోవచ్చు:

```python
s = "కలపండి"
print(len(s))                       # 6
print(len(s.encode("utf-16-be")))   # 12
```

మొదటి అంకె గుర్తులు, రెండోది బైట్లు. చాలా ఎమోజీలకు మాత్రం `len` ఒకటి అని చెప్పినా మెసేజ్‌లో రెండు స్థానాలు పోతాయి, కాబట్టి బైట్ల లెక్కనే నమ్మాలి. పైన ఉన్న ఉప్పు వాక్యంలో కంటికి కనిపించే అక్షరాలు 32. ఖాళీలు, కామా, చుక్క కలుపుకుని గుర్తులు 74. అంటే అక్షరానికి రెండు స్థానాల పైనే. ఒక మెసేజ్‌లో పట్టేది పది పన్నెండు తెలుగు మాటలే.

మరి ఫోన్లు పొడుగు మెసేజ్‌లను ఒక్కటిగా చూపిస్తాయి కదా అని అనుమానం వస్తుంది. చూపిస్తాయి, దానికో పద్ధతి ఉంది. ప్రతి ముక్క తలపై ఆరు బైట్ల చీటీ అంటిస్తారు:

```
05 00 03 A7 04 02
```

మొదటి మూడు బైట్లు, ఇది ముక్కలైన మెసేజ్ అని చెబుతాయి. A7 అనేది ఆ మెసేజ్‌కు ఇచ్చిన గుర్తింపు సంఖ్య. 04 అంటే మొత్తం నాలుగు ముక్కలు, 02 అంటే ఇది రెండోది. ఫోన్ ఈ చీటీలు చూసి ముక్కలను వరసలో అతికిస్తుంది. చీటీకి ఆరు బైట్లు పోగా మిగిలేవి 134, అంటే తెలుగుకు ముక్కకు 67 గుర్తులు. నేను వాడిన ప్యానెల్ ఈ చీటీ అంటించకుండా, 70కి ఒకటి చొప్పున విడి మెసేజ్‌లుగా కోసింది. ఎవరి పద్ధతి ఏదో తెలుసుకోవడం సులువు. 71 గుర్తుల తెలుగు మెసేజ్ ప్యానెల్ నుంచి మన ఫోన్‌కే పంపుకోవాలి. ఒకటిగా కనిపిస్తే చీటీ ఉన్నట్టు, రెండుగా వస్తే లేనట్టు.

చీటీ ఉన్నా ముక్కలు ఎవరి దారిన వాళ్లు వస్తాయి. ఎస్సెమ్మెస్ నేరుగా ఫోన్‌కు పోదు. ముందు ఆపరేటర్ మెసేజ్ సెంటర్‌లో నిల్వ ఉండి, ఫోన్ దొరికినప్పుడు బయల్దేరుతుంది. ఆ తల్లి భర్త పనిచేసే బేస్‌మెంట్‌లో సిగ్నల్ వచ్చి పోతూ ఉంటుంది. రెండో ముక్క అందని క్షణంలో మూడోది అందవచ్చు. ఒక ముక్క రాకపోతే కొన్ని ఫోన్లు మిగతావి కూడా చూపించకుండా ఆగుతాయి. కాబట్టి అవసరమైన జవాబును యంత్రం కోతకు వదలకుండా మనమే కోసి, ఏ ముక్క విడిగా చదివినా అర్థమయ్యేలా రాయడం మేలనిపించింది.

తెలుగులో కోత ఎక్కడ పడాలన్నదే అసలు చిక్కు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. వద్దు అనే భావం ఆ క్రియలోనూ చివరే వస్తుంది. డాక్టరుగారి పేరాలో ‘పాలు ఆపకండి’ అని ఉంది. ‘పాలు ఆప’ వరకు వచ్చి తెగితే ఆపమన్నారో వద్దన్నారో తెలియదు. మిగిలింది ఊహించుకునే తల్లి ‘ఆపండి’ అని ఊహించుకుంటే బిడ్డ పస్తు ఉంటుంది. ఇంగ్లిష్‌లో ‘వద్దు’ అన్న మాట క్రియకు ముందే వచ్చేస్తుంది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. ఖాళీ దగ్గర కోస్తే ‘కలప’ లాంటి తప్పు రాదు, నిజమే. కానీ ఖాళీ దగ్గర కోసినా ‘అర చెంచా ఉప్పు’ ఒక ముక్కలో, ‘కలపండి’ ఇంకో ముక్కలో పడొచ్చు. తెలుగు మెసేజ్‌ను క్రియ పూర్తయిన చోటే కోయాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. అంటే ముందు రాసి తర్వాత కోయడం కుదరదు, 70కి సరిపడే వాక్యాలే రాయాలి.

ఆ సాయంత్రం డాక్టరుగారితో కూర్చుని జవాబు మళ్లీ రాశాం. ఇంట్లో ఉప్పు, చక్కెర కలిపే పద్ధతిని ఆయనే తీసేయమన్నారు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. ‘ఆరు’, ‘అర’ రెండూ చూడటానికి దగ్గరగా ఉన్నాయి, పైగా ఒకటి చక్కెరది, ఒకటి ఉప్పుది. షెడ్ల దగ్గరి మందుల షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరుకుతుంది. చివరికి వెళ్లినవి ఇవి:

```
1/4 రక్తం పడినా, బిడ్డ నీళ్ళు తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

2/4 ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపండి

3/4 విరేచనం అయిన ప్రతిసారీ అర గ్లాసు కొద్దికొద్దిగా తాగించండి.

4/4 కక్కితే 10 నిమిషాలు ఆగి మళ్ళీ ఇవ్వండి. అన్నం, పాలు ఆపకండి.
```

మొదటిది సరిగ్గా 70. రెండోది 71 వచ్చింది. ‘కాచి’ తీసేయడం ఇష్టం లేక చివరి చుక్క తీసేశాం, 70 అయింది. మూడోది, నాలుగోది 62 చొప్పున. రెండోదాన్ని మొదట ‘1 లీటరు’ అనే మాటతో మొదలుపెట్టాను. ‘2/4 1 లీటరు’ అని పక్కపక్కన పడేసరికి ముక్క నంబరేదో, కొలతేదో తికమకగా కనిపించింది. అందుకే అంకె తీసి ‘లీటరు’ అని మాత్రమే ఉంచాం. చిన్న ప్యాకెట్లు కూడా అమ్ముతారు కనుక ఆ మాట అక్కడ ఉండాల్సిందే. ‘అర గ్లాసు’ అన్నది ఈ బిడ్డ వయసుకు చెప్పింది, రెండేళ్లలోపు బిడ్డకైతే అంతకన్నా తక్కువ.

ఇదే జవాబును నంబర్లు తీసేసి ఒకే పొడుగు మెసేజ్‌గా పంపితే 251 గుర్తులు. ముక్కకు 67 చొప్పున అప్పుడూ నాలుగు ముక్కలే, నాలుగు మెసేజ్‌ల ఖర్చే. మనమే కోయడం వల్ల అదనంగా పోయిందేమీ లేదు.

డాక్టరుగారి మొదటి పేరాలో ముఖ్యమైన మాటల చుట్టూ నక్షత్రాలు, వరసల ముందు బొట్లు కూడా ఉన్నాయి. ఇంకో చోట అవి లావు అక్షరాలు అవుతాయేమో, ఎస్సెమ్మెస్‌లో మాత్రం నక్షత్రం నక్షత్రంగానే కనిపిస్తుంది, స్థానం కూడా తింటుంది. ఇంగ్లిష్‌లో పంపేవాళ్లకు ఇంకో దెబ్బ ఉంది. 160లో పట్టే మెసేజ్‌లో ఒక్క ₹ గుర్తు పెట్టినా, ఫోన్ తనంతట తాను వంపు తిప్పిన ఒక్క కొటేషన్ గుర్తు పడినా మొత్తం 70 లెక్కలోకి పడిపోతుంది.

తెలుగును ఇంగ్లిష్ లిపిలో రాస్తే 160 దొరుకుతాయి కదా అని మా గుంపులో ఒకరు అడిగారు. ‘కలపండి’ తెలుగులో ఆరు గుర్తులు, `kalapandi` తొమ్మిది. మధ్య ఖాళీలు కూడా లెక్క వేస్తే అలాంటి మాటలు 70లో 10, 160లో 16 పడతాయి. లాభం ఒకటిన్నర రెట్లే. పైగా ఆ తల్లి తెలుగు చదువుతుంది, ఇంగ్లిష్ లిపి చదవలేదు. తెలుగు ఫాంటు లేక డబ్బాలు కనిపించే ఫోన్లూ ఉన్నాయి. అందుకే ఇప్పుడు కొత్త నంబరుకు ముందుగా ‘తెలుగు కనిపిస్తోందా?’ అని ఒక్కటే పంపి, డబ్బాలు వస్తున్నాయని తెలిస్తే నేరుగా ఫోన్ చేస్తున్నాం.

ఆ నాలుగూ పంపిన అరగంటకు ఆమె మళ్లీ ఫోన్ చేసింది. “అక్కా, ఒకటి, రెండు, నాలుగు వచ్చినాయి. మూడోది రాలేదు.” ఆ 62 గుర్తులు మళ్లీ పంపాను.