సౌమ్యులు, మృదుభాషి, నిగర్వి: ఉత్తమ ఉద్యోగి ప్రశంసా పత్రంపై అపోహలు - వాస్తవాలు

కర్మాగారాల్లో మానవ వనరుల విభాగంలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. డిసెంబరు రాగానే నా బల్ల మీదికి వచ్చే పనుల్లో, ఆ ఏటి ఉత్తమ ఉద్యోగికి ప్రశంసా పత్రం రాయడం ఒకటి. శాలువా ఎంచడానికీ, జ్ఞాపిక చేయించడానికీ వారం ముందు నుంచే ఇద్దరు ముగ్గురు తిరుగుతుంటారు. పత్రం సంగతి మాత్రం సభకు ముందురోజు సాయంత్రం గుర్తొస్తుంది. "పాతదే కాస్త మార్చి ఇచ్చేయండి" అంటారు. మొదటి నాలుగైదేళ్లు నేనూ అలాగే ఇచ్చాను. ఒక ఏడాది రెండో పేరాలో పేరు మార్చడం మరిచిపోయాను. వేదిక మీద చదివిన పెద్దమనిషి గత ఏటి విజేత పేరు చదివేసి ముందుకు సాగిపోయారు. కింద ఒకరిద్దరు నవ్వారు, మిగతావాళ్లకు తేడా తెలియనే లేదు. తప్పు చేసినందుకు కంటే, అది దాదాపు ఎవరి చెవికీ తగలనందుకు నాకు ఎక్కువ సిగ్గేసింది. ఆ తరువాత నేను వదులుకున్న నమ్మకాలే ఇవి.

అపోహ: మాటలు ఎంత బరువుగా ఉంటే గౌరవం అంత నిండుగా ఉంటుంది.

ఈ నమ్మకం మనకు సన్మాన పత్రాల నుంచి వచ్చింది. "సహృదయా!", "కార్యదక్షా!" అని ఒక్కో సంబోధన, దాని కింద నాలుగు వాక్యాలు, చుట్టూ పూలతీగల అంచు. పండితుడికి సన్మానం చేసినప్పుడు ఆ సంబోధనల కింద ఆయన రాసిన గ్రంథాల పేర్లు, చేసిన అవధానాల లెక్క ఉండేవి. మనం సంబోధనలు తెచ్చుకుని, కింద ఉండాల్సిన సరుకును వదిలేశాం. అందుకే లెక్కల విభాగంలో గుమస్తాకూ, క్రేన్ నడిపే ఆయనకూ ఒకే "అంకితభావం, క్రమశిక్షణ, చిరునవ్వు" సరిపోతున్నాయి.

పొగడ్త మాటల మీద ఆధారపడకుండా గౌరవం ఎలా నిలబడుతుందో చూడాలంటే సైనిక పురస్కారాల ప్రశంసా పత్రాలు చదవాలి. మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ పత్రాన్నే తీసుకోండి. 1947 నవంబరు 3న కాశ్మీరు లోయలోని బడ్గామ్ వద్ద ఆయన నడిపిస్తున్న సైనిక దళం మీద సుమారు 500 మంది దాడి చేశారని అందులో ఉంటుంది. ఎడమ చేతికి ప్లాస్టర్ కట్టుతో ఉన్న ఆ అధికారి, తన మనుషులు పడిపోతుంటే తుపాకుల మ్యాగజీన్లలో స్వయంగా గుళ్లు నింపి అందించారని కూడా ఉంటుంది. ధైర్యసాహసాలనే మాట ఆ పత్రంలో వేరేచోట ఉంది. కానీ చదివినవారికి గుర్తుండేది ప్లాస్టర్ వేసిన ఆ చెయ్యి. యుద్ధానికీ ఫ్యాక్టరీకీ పోలిక తేవడం లేదు, రాసే పద్ధతి గురించే చెబుతున్నాను. ఎక్కడ, ఎప్పుడు, చేతులతో ఏం చేశారు అన్నది ముందు రావాలి. గుణం పేరు ఆ తరువాత వచ్చినా సరే, రాకపోయినా సరే.

పేరు మార్చడం మరిచిన ఏడాది నా చేత అనుకోకుండా జరిగిన పరీక్షను ఇప్పుడు కావాలనే చేస్తున్నాను. పత్రం పూర్తయ్యాక పేరు తీసేసి, వేరే విభాగంలో ఇంకెవరి పేరో పెట్టి చదువుతాను. ఎక్కడా అడ్డు తగలకుండా సాగితే ఆ కాగితం చించేస్తాను.

అపోహ: కావలసిన సమాచారమంతా నామినేషన్ పత్రంలో ఉంటుంది.

ఉండదు. నామినేషన్ రాసేది మేనేజరు, చదివేది ఎంపిక సంఘం. అది వాదన గెలవడానికి రాసిన కాగితం. ఎంపిక పూర్తయ్యాక దాంతో నాకు పని దాదాపు లేదు. నేను తోటివారి దగ్గరికి వెళతాను. అడిగేది కూడా "ఆయన గురించి చెప్పండి" అని కాదు. అలా అడిగితే మళ్లీ "మంచి మనిషి, ఎప్పుడూ కోపం రాదు" అనే వస్తుంది. "ఆయన సెలవు పెట్టిన రోజు మీకు ఏ పని ఆగుతుంది?" అని అడుగుతాను. ఆ ప్రశ్నకు జవాబుగా విశేషణం చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

నిరుడు జరిగింది చెబుతాను. మా దగ్గర స్టోర్స్ అసిస్టెంటు ఎంపికయ్యారు. నామినేషన్‌లో "స్టోర్స్ నిర్వహణలో విశేష మార్పులు తెచ్చి, యంత్రాలు ఆగిపోయే సమయాన్ని 30 శాతం తగ్గించారు" అని ఉంది. రాత్రి షిఫ్టు ఫిట్టర్ దగ్గరికి వెళ్లి నా ప్రశ్న అడిగాను. "ఇప్పుడు ఏదీ ఆగదండీ. ఇంతకుముందైతే అర్ధరాత్రి ఆయన ఇంటికి ఫోన్ చేసేవాళ్లం" అన్నాడు. ఎందుకని అడిగితే నన్ను అరల దగ్గరికి తీసుకెళ్లాడు.

విషయం ఇది. ఒకే కొలత బేరింగులు రెండు రకాలవి ఉంటాయి. ఒకదానికి రెండు పక్కలా ఇనుప మూత ఉంటుంది, అది లోపలి వలయాన్ని తాకదు. రెండోదానికి రబ్బరు సీలు ఉంటుంది, అది వలయాన్ని అంటుకుని ఉండి నీటినీ దుమ్మునూ లోపలికి రానివ్వదు. పెట్టె మీద అంకె రెండింటికీ ఒకటే, చివరి అక్షరాలే వేరు. రాత్రి పూట జిడ్డు చేతులతో వచ్చిన మనిషి అంకె చూసి పెట్టె తీసుకుపోతాడు. నీళ్లు చిమ్మే చోట ఇనుప మూతది బిగిస్తే కొద్ది వారాల్లోనే మోటారు అరవడం మొదలుపెడుతుంది. మళ్లీ విప్పాలి. ఇప్పుడు ప్రతి అర ముందూ ఒక పాత బేరింగు తీగతో వేలాడుతోంది. విప్పినదాన్ని చేత్తో తెచ్చి పక్కన పెట్టి చూసుకుంటే చాలు, చదవాల్సిన పని లేదు.

నామినేషన్‌లో "విశేష మార్పులు" అంటే ఈ తీగముక్కలన్నమాట.

అపోహ: అంకె ఉంటే నమ్మకం కలుగుతుంది.

ఆ 30 శాతం సంగతి చూద్దామని మెయింటెనెన్స్ రిజిస్టరు తిరగేశాను. తగ్గిన మాట నిజమే. అయితే అదే ఏడాది ఏప్రిల్‌లో నాలుగు పాత మోటార్లు తీసేసి కొత్తవి పెట్టారు. తగ్గిన దాంట్లో ఎంత వంతు కొత్త మోటార్లది, ఎంత వంతు తీగకు కట్టిన బేరింగులదో విడదీసి చెప్పగలవారు ఎవరూ లేరు. ఆ అంకెను వేదిక మీద చదివితే మెయింటెనెన్స్‌లో అందరికీ తెలిసిపోతుంది, పత్రంలో మిగతా వాక్యాల మీద కూడా అనుమానం పడుతుంది. అన్నిటికంటే ఇబ్బంది ఎవరికంటే, శాలువా కప్పుకుని నిలబడ్డ ఆయనకే. చేయని పనికి చప్పట్లు కొడుతుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

అంకె తీసేసి, ఫిట్టర్లు తమ కళ్లతో చూసి చెప్పగలిగిన లెక్క పెట్టాను. అర్ధరాత్రి ఫోన్ల లెక్క. మూడు షిఫ్టుల వాళ్లనూ విడివిడిగా అడిగాను. పత్రం ఇలా తయారైంది:

"మన స్టోర్స్‌లో ఒకే అంకె ఉన్న బేరింగులు రెండు రకాలవి ఉన్నాయి. రాత్రి తొందరలో ఒకదానికి బదులు ఇంకొకటి వెళ్లేది. తడి తగిలేచోట బిగించిన మోటారును కొన్ని వారాలకే మళ్లీ విప్పాల్సి వచ్చేది. జూన్‌లో ఆయన ప్రతి అరకూ ఒక పాత బేరింగును తీగతో కట్టి వేలాడదీశారు. ఇప్పుడు ఫిట్టరు చేతిలోదాన్ని దాని పక్కన పెట్టి చూసుకుంటే చాలు. అంతకుముందు నెలకు ఐదారుసార్లు అర్ధరాత్రి ఆయన ఇంట్లో ఫోను మోగేది. జూన్ తరువాత బేరింగు కోసం ఒక్కసారీ మోగలేదని మూడు షిఫ్టుల ఫిట్టర్లూ చెప్పారు. ఈ ఏటి ఉత్తమ ఉద్యోగి పురస్కారం ఆయనకు అందజేస్తున్నాం."

అసలు పత్రంలో "ఆయన" అన్నచోట పేరు ఉంది. చదవడానికి నిమిషం కూడా పట్టదు. ఒక పేజీ నిండాలని పట్టుబట్టేవాళ్లకు అక్షరాల సైజు పెంచి ఇస్తాను.

అపోహ: రాత్రింబవళ్లు కష్టపడ్డారని రాస్తే అంతకు మించిన పొగడ్త లేదు.

ఇది నాకు కొంచెం కోపం తెప్పించే విషయం. "ఇల్లు, పిల్లలు మరిచి", "ఒక్క సెలవూ పెట్టకుండా", "జ్వరంలోనూ డ్యూటీకి వచ్చి" అనే వాక్యాలు మన ప్రశంసా పత్రాల్లో కొల్లలు. వారానికి 48 గంటలన్న పరిమితిని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. అది దాటి పనిచేయించినట్టు సంస్థ లెటర్‌హెడ్ మీద మనమే రాసి, సంతకం పెట్టి ఇస్తున్నాం. జ్వరంతో యంత్రం దగ్గరికి రానివ్వడం భద్రతా లోపం, అది మెచ్చుకోవాల్సిన సంగతేమీ కాదు. పైగా ఆ మాటలు వింటున్నవారిలో ఆయన భార్య కూడా ముందు వరుసలో కూర్చుని ఉంటుంది. పిల్లవాడికి ఒంట్లో బాగాలేనప్పుడు ఆయన ఎందుకు ఇంట్లో లేడో ఆమెకు బాగా తెలుసు.

మా స్టోర్స్ అసిస్టెంటు నామినేషన్‌లోనూ "అర్ధరాత్రి పిలిచినా పలికే మనిషి" అని ఒక వాక్యం ఉంది. ఆయన చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. అర్ధరాత్రి తనను పిలిచే అవసరం లేకుండా చేశారు.

అపోహ: సభలో చదివేదాకా రహస్యంగా ఉంచాలి.

ఎంపికను మిగతావారి దగ్గర రహస్యంగా ఉంచుకోండి, అభ్యంతరం లేదు. పత్రాన్ని మాత్రం ఒకటి రెండు రోజుల ముందు ఆ మనిషికి చూపించాలి. ఇంటిపేరు ఎలా రాసుకుంటారో, హోదా మారిందో లేదో వారికే తెలుసు. ఏదైనా జబ్బు, ఇంటి కష్టం ప్రస్తావన ఉంటే వద్దనే హక్కూ వారిదే.

స్టోర్స్ అసిస్టెంటును పిలిచి కాగితం ఇచ్చాను. నిలబడే చదివారు. రెండోసారి కూడా చదివి, "అంతా నిజమే మేడమ్. కానీ తీగకు కట్టి వేలాడదీయాలన్న ఆలోచన నాది కాదు, మా హెల్పర్‌ది. నేను బోర్డులు రాయిద్దామనుకున్నాను. రాత్రిపూట బోర్డు ఎవరు చదువుతారు సార్, వస్తువే పెడదాం అన్నాడు" అన్నారు.

హెల్పరు కాంట్రాక్టు మనిషి. మా నిబంధనల ప్రకారం ఆయన పేరు ఏ పురస్కారం జాబితాలోకీ రాదు. పత్రంలో పెడితే ఇబ్బంది అవుతుందేమోనని మేనేజరు కొంచెం నసిగారు. పురస్కారం ఇవ్వడం లేదు కదా, జరిగింది చెబుతున్నాం అన్నాను. "ప్రతి అరకూ" అన్న వాక్యం ముందు ఒక్క వాక్యం చేరింది: "బోర్డు బదులు వస్తువునే పెడదామని హెల్పరు అన్న మాట ఆయన విన్నారు." అక్కడ కూడా పేరు రాశాం. నిడివి పెరగకుండా ఉండటానికి, మోటారును మళ్లీ విప్పడం గురించిన వాక్యాన్ని తీసేశాను.